మూలిగే పసికందు, రెండు రోజుల ముందే పడాల్సిన ఇంజెక్షన్

పసిపిల్లల వార్డు తలుపు దగ్గర నిలబడే నానమ్మలు, అమ్మమ్మలు నన్ను అడిగే ప్రశ్నల్లో ఒకటి ఇన్నేళ్ళలో మారలేదు. "సారూ, ఎనిమిదో నెలల పుట్టిండు. ఏడో నెలల పుట్టినా బాగుండు. బతుకుతడా?" ఇటు వరంగల్ నుంచి అటు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దాకా ఈ నమ్మకం గట్టిగానే ఉంది. ఏడో నెల బిడ్డ బతుకుతుందట, ఎనిమిదో నెల బిడ్డ బతకదట.

ఊపిరితిత్తుల వైపు నుంచి చూస్తే ఇది తలకిందుల లెక్క. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డ ఊపిరికి లాభమే తప్ప నష్టం లేదు. మరి ఇంతమంది ఎందుకు నమ్ముతారు? నా అనుమానం ఒకటుంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డ మీద ఎవరికీ ఆశ ఉండదు. పోతే కొన్నాళ్ళకు మరిచిపోతారు, బతికితే ఊరంతా ముచ్చటగా చెప్పుకుంటారు. ఎనిమిదో నెల బిడ్డ అలా కాదు. చూడటానికి ముఖం, వేళ్ళు, గోళ్ళు అన్నీ సరిగ్గా ఉంటాయి. పుట్టగానే ఏడుస్తుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. కాసేపటికే మూలగడం మొదలవుతుంది, రాత్రికి రాత్రి పరిస్థితి చేయి దాటిపోతుంది. ఆ దెబ్బను ఏ ఇల్లూ మరవదు.

పైకి నిండుగా కనిపించే బిడ్డ లోపల ఏం కొరత పడింది, ఆ కొరతను తల్లి తొడకో చేతికో వేసే ఇంజెక్షన్ ఎలా తీరుస్తుంది, ఎప్పుడు తీర్చలేదు అన్నదే ఈ వ్యాసం.

ఆ మూలుగు అర్థం ఏమిటి

ముందు ఆ మూలుగు సంగతి. ఊపిరి వదిలిన ప్రతిసారీ "ఊఁ... ఊఁ..." అని చిన్నగా, లయగా వస్తుంది. బరువు మోసే మనిషి శబ్దంలా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఆకలనో, చలనో, నిద్రలో కూని రాగమనో అనుకుంటారు. బట్ట తీసి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతుంది, డొక్క ఎగిరిపడుతుంది, ముక్కు పుటాలు విచ్చుకుంటాయి. వాచీ పట్టుకుని లెక్కపెడితే నిమిషానికి 60 సార్లు దాటుతుంది. పుట్టిన కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు ఇది మొదలవుతుంది. వైద్యం అందకపోతే రెండు మూడు రోజుల పాటు పెరుగుతూ పోతుంది.

బిడ్డ ఎందుకు మూలుగుతుంది? ఊపిరితిత్తుల చివర్లలో లక్షల కొద్దీ చిన్న గాలి తిత్తులుంటాయి. వాటి లోపలి గోడ మీద పల్చటి నీటి పొర ఉంటుంది. నీటికి ఒక గుణముంది, దాని పైపొర ఎప్పుడూ దగ్గరకు ముడుచుకోవాలని చూస్తుంది. తామరాకు మీద చుక్క గుండ్రంగా నిలబడేది అందుకే. లోపల తడిసిన పాలిథిన్ కవరును విప్పి చూడండి. రెండు వైపులా ఎంత గట్టిగా అతుక్కుంటాయో తెలుస్తుంది. గాలి తిత్తిలోనూ అదే జరుగుతుంది. పైగా బుడగ ఎంత చిన్నదైతే లోపలికి లాగే ఒత్తిడి అంత ఎక్కువ. నెలలు నిండని బిడ్డ తిత్తులు అసలే చిన్నవి. ఊపిరి వదలగానే మూసుకుపోయి అతుక్కుంటాయి. మళ్ళీ తెరవాలంటే కొత్త బెలూన్‌ను మొదటిసారి ఊదినంత కష్టం. పెద్దవాళ్ళమైనా అలాంటి ఊపిరి ఎన్నిసార్లు తీయగలం? ఆ బిడ్డ నిమిషానికి అరవై డెబ్బై సార్లు తీయాలి.

మనకు ఈ బాధ ఎందుకు లేదంటే, ఆ నీటి పొర మీద సర్ఫాక్టెంట్ అనే పదార్థం పరుచుకుని ఉంటుంది. ఎక్కువ భాగం కొవ్వు, కొంచెం ప్రోటీన్. సబ్బు నీటికి చేసే పనినే ఇదీ చేస్తుంది, ముడుచుకునే బలాన్ని తగ్గిస్తుంది. దీని వల్ల ఊపిరి పూర్తిగా వదిలాక కూడా తిత్తిలో కొంచెం గాలి మిగిలే ఉంటుంది, తర్వాతి ఊపిరి తేలికవుతుంది. తిత్తి గోడలో ఉండే ఒక రకం కణాలు దీన్ని తయారు చేస్తాయి. తయారీ ఇరవై నాలుగో వారం ప్రాంతంలో చాలా కొద్దిగా మొదలై, అవసరానికి సరిపడా అయ్యేసరికి 34, 35 వారాలు పడుతుంది. అందుకే 28 వారాల్లోపు పుట్టిన పిల్లల్లో సగానికి పైగా ఈ జబ్బు వస్తే, 34 దాటాక నూటికి ఐదుగురి దగ్గరకు పడిపోతుంది. ఎనిమిదో నెల నమ్మకం తప్పని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఇప్పుడు మూలుగు దగ్గరికి వద్దాం. తిత్తులు మూసుకుపోకుండా ఉండాలంటే గాలి మొత్తం బయటికి పోకూడదు. బిడ్డ గొంతును సగం బిగించి, ఊపిరిని ఆపి ఆపి వదులుతుంది. ఆ బిగింపులోంచి వచ్చే చప్పుడే మూలుగు. అంటే బిడ్డ తన వైద్యం తనే చేసుకుంటోంది. అందుకే మూలుగు ఆగిందంటే రెండు అర్థాలుంటాయి. ఊపిరి తేలికై ఆగితే మంచిదే. అలిసిపోయి ఆగితే, అంటే ఒళ్ళు నీలం తిరుగుతూ, కదలిక తగ్గి, ఊపిరి మధ్యమధ్యలో నిలిచిపోతూ ఉంటే, అది చివరి మెట్టు. "ఇప్పుడే మూలుగు బందైంది సార్, నిమ్మళంగ పండుకున్నడు" అని ఎవరైనా చెబితే మేం పరిగెత్తేది అందుకే.

ఈ జబ్బును ఒకప్పుడు శవపరీక్షల్లో కనిపించే ఒక పొర పేరుతో పిలిచేవారు. తిత్తుల లోపల గులాబీ రంగు పొర పేరుకుని ఉండేది, దాన్నే కారణం అనుకున్నారు. 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అనే ఇద్దరు పరిశోధకులు అసలు లోపం సర్ఫాక్టెంట్ లేకపోవడమని చూపించారు. ఆ పొర తిత్తులు దెబ్బతిన్నాక రక్తంలోంచి ఊరిన ప్రోటీన్ గడ్డకట్టింది, జబ్బు ఫలితమే తప్ప కారణం కాదు. కారణం తెలిసినంత మాత్రాన వైద్యం దొరకలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు ఐదున్నర వారాల ముందు పుట్టాడు. బరువు రెండు కిలోల పైనే. ఇదే జబ్బుతో 39 గంటలకు చనిపోయాడు. అలాంటి బిడ్డ ఈరోజు మన జిల్లా కేంద్రంలోని ఏ పసిపిల్లల వార్డులో పుట్టినా మాకు పెద్ద టెన్షన్ కూడా ఉండదు.

గొర్రెపిల్ల చెప్పిన సంగతి

ఇంజెక్షన్ కథ గొర్రెలతో మొదలవుతుంది. గొల్లకురుమల ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు గొర్రె సుమారు ఐదు నెలలు మోసి ఈనుతుందని చెప్పక్కర్లేదు. రోజుల్లో చెబితే 147 చుట్టూ. నెల రోజుల ముందు పడిన పిల్ల బతకదని కూడా వాళ్ళకు తెలుసు.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గ్రాహం లిగిన్స్ అనే కాన్పుల డాక్టరు వేరే ప్రశ్న వెంట పడ్డాడు. నొప్పులు ఎందుకు మొదలవుతాయి? తల్లి మొదలుపెడుతుందా, పిల్ల మొదలుపెడుతుందా? కడుపులో ఉన్న గొర్రెపిల్లకు నేరుగా స్టెరాయిడ్ ఎక్కించి చూశాడు. నొప్పులు ముందే వచ్చాయి, ఆయన ప్రశ్నకు సమాధానం దొరికింది. కానీ 117వ రోజున పుట్టిన ఒక పిల్ల ఆయన్ను ఆశ్చర్యపరిచింది. ఊపిరితిత్తుల్లోకి గాలి చొరనే చొరకూడని వయసులో అది ఊపిరి తీస్తోంది. 1969లో ఆ పరిశోధన అచ్చయింది.

తర్వాత లిగిన్స్, పసిపిల్లల డాక్టర్ రాస్ హోవీ కలిసి నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉన్న 282 మంది తల్లులతో ప్రయోగం చేశారు. కొందరికి బీటామెథసోన్, మిగతావాళ్ళకు పోలిక కోసం వేరే ఇంజెక్షన్. 1972లో ఫలితం వచ్చింది. అనుకోకుండా ముందే కాన్పైన వాళ్ళలో, మందు పడని తల్లుల పిల్లల్లో నూటికి 25.8 మందికి ఈ శ్వాస జబ్బు వస్తే, మందు పడినవాళ్ళ పిల్లల్లో 9 మందికే వచ్చింది. పుట్టిన తొలి రోజుల మరణాలు నూటికి 15 నుంచి 3.2కి తగ్గాయి. ఇంత స్పష్టమైన ఫలితం వచ్చినా మిగతా ప్రపంచం దీన్ని అందరికీ వాడటానికి మరో ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. స్టెరాయిడ్ అనే మాటకున్న భయం అప్పుడు డాక్టర్లకూ ఉండేది, ఇప్పుడు మన ఇళ్ళల్లో ఉన్నట్టే.

మందు చేసే పని వింత పనేమీ కాదు. నెలలు నిండే సమయానికి బిడ్డ సొంత గ్రంథుల్లోంచే కార్టిసాల్ అనే స్టెరాయిడ్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఇక బయటికి వెళ్ళే వేళైంది, సిద్ధం కండి అని ఊపిరితిత్తులకు చెప్పే కబురు అది. మనం ఆ కబురును కొన్ని వారాల ముందు పంపిస్తున్నాం, అంతే. కబురు అందిన కణాలు సర్ఫాక్టెంట్ తయారీకి కావలసిన ఎంజైములను, ప్రోటీన్లను పెంచుతాయి. తిత్తుల గోడలు పల్చబడతాయి. కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల నిండా ఉండే ద్రవాన్ని పీల్చేసే ఏర్పాటు కూడా చురుకవుతుంది. ఒక్క ఊపిరితిత్తులే కాదు, మెదడులో రక్తస్రావం, పేగులు దెబ్బతినడం కూడా ఈ పిల్లల్లో తగ్గుతాయి.

ఇక్కడే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, తల్లి ఒంట్లోనూ కార్టిసాల్ ఉంటుంది కదా, అది బిడ్డకు ఎందుకు చేరదు? మాయలో ఉన్న ఒక ఎంజైము దాన్ని చాలావరకు పనికిరాకుండా చేసేస్తుంది. ఆస్తమాకు వాడే ప్రెడ్నిసలోన్‌కూ దాదాపు అదే గతి. డెక్సామెథసోన్, బీటామెథసోన్ మాత్రం ఆ ఎంజైముకు పెద్దగా లొంగవు, బిడ్డ దాకా వెళ్తాయి. కాబట్టి ఏ స్టెరాయిడ్ అయినా ఒకటే అనుకోకూడదు. రెండు, కణం కొత్త ప్రోటీన్ తయారు చేయాలంటే గంటలు పడుతుంది. ఇంజెక్షన్ వేసిన పది నిమిషాలకు ఊపిరితిత్తులు తయారు కావు. పూర్తి లాభం మొదటి డోసు పడిన 24 గంటల తర్వాత మొదలై, ఏడు రోజుల దాకా బాగా ఉంటుంది. ఈ జబ్బు విషయంలో గొడవంతా ఈ గడియారం దగ్గరే.

ఏటూరునాగారం దారిలో ఒక రాత్రి

గడియారం ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, మా వార్డుకు వచ్చేవాళ్ళ అనుభవాలు కలిపి అల్లింది. ఆమెను సరిత అనుకుందాం. ఏటూరునాగారం అవతల ఒక ఊరు. చివరి నెలసరి జనవరి 10న వచ్చింది, మూడో నెల నిండకముందే చేసిన స్కానింగ్‌లోనూ అదే లెక్క తేలింది. కాన్పు తేదీ అక్టోబర్ 17. ఆగస్టు 14 రాత్రి, వాన దంచి కొడుతుండగా, కడుపు గట్టిపడటం మొదలైంది. పది నిమిషాలకోసారి నొప్పి. ఆశా కార్యకర్తతో కలిసి పీహెచ్‌సీకి చేరేసరికి తొమ్మిది. అప్పటికి 30 వారాల 6 రోజులు.

వరంగల్ వంద కిలోమీటర్ల దూరం. 108 వస్తుంది, దారిలో వాగులున్నాయి. ఇక్కడ పీహెచ్‌సీలో రెండు రకాలుగా జరగవచ్చు. "మనకెందుకు, పెద్దాసుపత్రిలో చూసుకుంటారు" అని బండి ఎక్కించడం ఒకటి. నేను కళ్ళారా చూసిన వాటిలో ఇదే ఎక్కువ. అప్పుడు సరిత వరంగల్ చేరి, కేస్‌షీట్ రాసి, డాక్టర్ చూసి, మందు పడేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మూడు నాలుగు గంటలు ఉత్తగా పోయినట్టే. రెండోది, బండి వచ్చేలోపే మొదటి డోసు వేయడం. కేంద్ర ఆరోగ్యశాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు వచ్చిన తల్లికి డెక్సామెథసోన్ సూచించాయి. పైకి పంపేముందు మొదటి డోసును ఏఎన్ఎం కూడా వేయవచ్చని చెప్పాయి.

మందు ఏ పీహెచ్‌సీ అల్మారాలోనైనా ఉండేదే, కొన్ని రూపాయల ఖరీదు. సాధారణంగా 2 ఎం.ఎల్. సీసాలో, ఎం.ఎల్.కు 4 మిల్లీగ్రాముల చొప్పున మొత్తం 8 ఉంటుంది. వేయాల్సింది 6 మిల్లీగ్రాములు, అంటే ఒకటిన్నర ఎం.ఎల్., కండలోకి. తొందరలో సీసా మొత్తం లాగేసేవాళ్ళున్నారు, ఒక ఎం.ఎల్. వేసి సరిపెట్టేవాళ్ళూ ఉన్నారు. సిరంజి మీద ఒకటిన్నర గీత చూసుకోవడమే దీనికి మందు. ఇలా 12 గంటలకోసారి నాలుగు డోసులు, మొత్తం 24 మిల్లీగ్రాములు. బీటామెథసోన్ అయితే 12 మిల్లీగ్రాముల చొప్పున 24 గంటల తేడాతో రెండు.

సరితకు రాత్రి 9:15కు మొదటిది పడింది. చీటీ మీద ఆ టైము రాసి పంపారు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, రాయకపోతే తర్వాతి ఆసుపత్రిలో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు, లేదా పడిందిలే అనుకుని వదిలేస్తారు. రెండూ చూశాను.

"స్టెరాయిడ్ అంటున్నరు, కడుపుల బిడ్డకేమైతది అక్కా?" అని సరిత భర్త నర్సును అడిగాడు. జిమ్‌లో కండల కోసం నెలల తరబడి వాడేవి, కీళ్ళ నొప్పులకు ఆర్ఎంపీ దగ్గర ఏళ్ళ తరబడి మింగేవి చూసిన మనిషికి ఆ భయం సహజం. ఇది రెండు రోజుల మందు. అయితే తల్లి ఒంట్లో దీని గుర్తులు కొన్ని కనిపిస్తాయి, ముందే చెప్పకపోతే హైరానా పడతారు. షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది. గర్భంలో షుగర్ ఉన్న తల్లికి మందు ఆపక్కర్లేదు, కానీ ఆ రోజుల్లో తరచుగా పరీక్షించి ఇన్సులిన్ సరిచేయాలి. తెల్ల రక్తకణాల సంఖ్య పెరుగుతుంది, దాన్ని చూసి ఇన్ఫెక్షన్ అని కంగారు పడేవాళ్ళుంటారు. ఒకటి రెండు రోజులు బిడ్డ కదలికలు కొంచెం తగ్గినట్టు అనిపించవచ్చు. అలా అనిపిస్తే ఇంజెక్షన్ వల్లేలే అని ఊరుకోకుండా నర్సుకు చెప్పి గుండె చప్పుడు చూపించుకోవాలి.

వరంగల్ చేరాక సరితకు నొప్పులు తగ్గడానికి నిఫెడిపిన్ బిళ్ళలు ఇచ్చారు. వీటితో కాన్పును అక్టోబర్ దాకా నెట్టుకురావచ్చని ఎవరూ అనుకోరు. రెండు రోజులు ఆగితే చాలు. ఆ రెండు రోజులు ఇంజెక్షన్ పని చేయడానికి, తల్లి కడుపులోనే బిడ్డను సరైన చోటికి చేర్చడానికి. నెలలు నిండని బిడ్డకు అమ్మ కడుపును మించిన అంబులెన్స్ లేదు. రెండో డోసు 15 ఉదయం 9:15కు, మూడోది అదే రాత్రి, నాలుగోది 16 ఉదయం పడ్డాయి. 16 రాత్రి 11 గంటలకు కాన్పయింది. మొదటి డోసు నుంచి దాదాపు 50 గంటలు.

ఒకవేళ సరిత దారిలోనే, ములుగు దగ్గర బండిలోనే కనేసి ఉంటే? పూర్తి లాభం దక్కేది కాదు. అలాగని మొదటి డోసు వృథా అని కాదు. 24 గంటలు నిండకముందే పుట్టిన పిల్లలకూ ఎంతో కొంత మేలు జరుగుతుంది. "ఎట్లాగూ ఇంకో గంటలో కంటది, ఇప్పుడెందుకు" అన్న మాట అందుకే తప్పు. ఆ గంట ఎప్పుడూ గంటే అవుతుందన్న గ్యారంటీ లేదు. ఎనిమిదైన కేసులు ఎన్నో.

తేదీ తెలియకపోతే అదే మందు ఎదురు తిరుగుతుంది

సరిత విషయంలో అంతా సజావుగా నడవడానికి కారణం మందు కాదు, కార్డు మీద రాసిన తేదీ. ఇది ఊరికే అంటున్న మాట కాదు.

ఇంత చవక మందు ఇంత మంచి చేస్తుంటే ఊరూరా వేసేయొచ్చు కదా అన్న ఆలోచన ఒకప్పుడు బలంగా ఉండేది. భారత్, పాకిస్తాన్, జాంబియా, కెన్యా, గ్వాటెమాలా, అర్జెంటీనాల్లో దాదాపు లక్ష కాన్పుల మీద దాన్ని పరీక్షించారు. మన దేశంలో నాగపూర్, బెళగావి ప్రాంతాల్లో జరిగింది. స్కానింగ్ లేని చోట నెలసరి లెక్క, పొట్ట ఎత్తు కొలిచే టేపు మీద ఆధారపడ్డారు. 2015లో వచ్చిన ఫలితం అందరికీ షాక్. తక్కువ బరువుతో పుట్టిన పిల్లల మరణాలు తగ్గలేదు. మొత్తం పిల్లలను కలిపి చూస్తే 28 రోజుల్లోపు మరణాలు వెయ్యికి 23.9 ఉండాల్సిన చోట 27.4 అయ్యాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి.

అందులో ఇంజెక్షన్ పడిన తల్లుల్లో చాలామంది పిల్లలు తర్వాత నెలలు నిండే పుట్టారు. అవసరం లేని బిడ్డకు మందు పడితే లాభం సున్నా, మిగిలేది హాని ఒక్కటే. నిజంగా ముందే పుట్టిన పిల్లలకేమో పుట్టిన తర్వాత చూసే వసతి చాలా చోట్ల లేదు. సర్ఫాక్టెంట్‌ను కొంచెం పెంచి పంపినా, వెచ్చదనం, ఆక్సిజన్, పాలు పట్టే చేయి అక్కడ ఉండాలి కదా.

దీంతో మళ్ళీ అనుమానాలు లేచాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈసారి ఆసుపత్రుల్లోనే, స్కానింగ్‌తో వారాలు ఖాయం చేసుకుని, 26 నుంచి 34 వారాల లోపు తల్లులు 2,852 మంది మీద డెక్సామెథసోన్‌ను పరీక్షించింది. భారత్‌తో పాటు బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లో. 2020లో ఫలితం వచ్చింది. నవజాత మరణాలు మందు లేనివాళ్ళలో నూటికి 23.5, మందు పడినవాళ్ళలో 19.6. పాతిక మంది తల్లులకు మందు వేస్తే ఒక బిడ్డ దక్కినట్టు. తల్లుల ఇన్ఫెక్షన్ పెరగలేదు. రెండు ప్రయోగాల్లో ఇంజెక్షన్ మందు ఒకటే. తేడా అంతా తేదీలో, వసతిలో ఉంది.

అందుకే ఇప్పుడు మందు వేసేముందు కొన్ని చూసుకోవాలంటారు. వారాల లెక్క నమ్మదగినదిగా ఉండాలి. కాన్పు నిజంగా దగ్గర్లో ఉందనిపించాలి. గర్భసంచిలో ఇన్ఫెక్షన్ గుర్తులు, అంటే జ్వరంతో పాటు దుర్వాసన వచ్చే ఉమ్మనీరు లాంటివి, ఉండకూడదు. అలా ఉంటే మందు కోసం ఆగడం తల్లికే ప్రమాదం. బిడ్డను చూసుకునే చోటికి తల్లి చేరుతుందన్న నమ్మకం ఉండాలి. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ కాగితాన్ని పారేయకుండా దాచుకోమని నేను బతిమాలేది ఇందుకే. ఎనిమిదో నెలలో కొత్తగా తీసిన స్కాన్ రెండు మూడు వారాలు అటూ ఇటూ పొరబడగలదు, అందులోనూ బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉంటే మరీను.

కాన్పు ఆగిపోయి వారం దాటితే? 34 వారాల్లోపే మళ్ళీ నొప్పులు వస్తే ఇంకొక్కసారి ఇవ్వవచ్చు. "ఎందుకైనా మంచిది" అని వారం వారం వేయడం మాత్రం తప్పు. అలా పదే పదే పడిన పిల్లల బరువు, తల చుట్టుకొలత తగ్గుతాయని తేలింది.

ఇంకో అలవాటు గురించి చెప్పకుండా ఉండలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. ముహూర్తం చూసుకుని 37 వారాలకే కోయించుకునేవాళ్ళున్నారు, ముందు జాగ్రత్తని ఈ ఇంజెక్షన్ వేయించుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ పిల్లల్లో వచ్చే ఆయాసం చాలావరకు సర్ఫాక్టెంట్ కొరత కాదు, నొప్పులు రాకముందే తీయడం వల్ల ఊపిరితిత్తుల్లో మిగిలిపోయిన నీరు. పైగా 34 దాటాక పడే మందుతో పిల్లలకు పుట్టాక షుగర్ పడిపోవడం ఎక్కువని పరిశోధనల్లో కనిపించింది. ఇక్కడ పంతులుగారి పంచాంగం మార్చుకుంటే ఇంజెక్షన్‌తో పనే ఉండదు.

బుడగల సీసా

సరిత కొడుకు 1,400 గ్రాములు. 31 వారాల ఒక రోజు. పుట్టగానే ఏడ్చాడు. ఇరవై నిమిషాల్లో మూలుగు మొదలైంది. "సూది ఏసిండ్రు గదా, మల్ల ఇదేంది?" అని అత్త అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఇంజెక్షన్ జబ్బును పూర్తిగా రాకుండా చేస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. రాకుండా పోయే పిల్లలు కొందరు, వచ్చినా తేలిగ్గా వచ్చి పోయేవాళ్ళు ఇంకొందరు. ఎక్స్‌రేలో నల్లగా కనిపించాల్సిన ఊపిరితిత్తులు వాడికి పొగమంచు పట్టినట్టు బూడిద రంగులో ఉన్నాయి గానీ, మరీ తెల్లగా లేవు.

జనం "బాక్సుల పెట్టిండ్రు" అనేది ఈ దశనే. కానీ వాడి ఊపిరిని నిలబెట్టింది బాక్సు కాదు, పక్కన వేలాడే ఒక నీళ్ళ సీసా. ముక్కులో చిన్న గొట్టాలు పెట్టి, గాలీ ఆక్సిజన్ కలిపి పంపిస్తారు. బయటికి వెళ్ళే గొట్టం చివరను ఆ సీసా నీళ్ళలో 5 సెంటీమీటర్ల లోతున ముంచుతారు. బిడ్డ వదిలే ఊపిరి అంత లోతు నీటిని తోసుకుని బుడగలుగా బయటపడాలి. దాంతో ఊపిరితిత్తుల్లో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ నిలిచి ఉంటుంది, తిత్తులు మూసుకుపోవు. గొంతు బిగించి బిడ్డ చేసుకుంటున్న పనినే ఇప్పుడు సీసా చేస్తోంది. బుడగలు గుడగుడమని వచ్చిన అరగంటకు వాడి మూలుగు ఆగింది. ఒళ్ళు గులాబీ రంగులో ఉంది, కాళ్ళు ఆడిస్తున్నాడు. ఇది మంచి ఆగడం.

బుడగలు ఆగాయంటే ముక్కు గొట్టం జారిందని లెక్క. అందుకే రాత్రి డ్యూటీ నర్సుల చెవి ఆ చప్పుడు మీదే ఉంటుంది. ఆక్సిజన్‌ను కూడా ఇష్టమొచ్చినట్టు పెంచరు. వేలికి కాదు, పాదానికి కట్టిన మీటరులో 90 నుంచి 95 మధ్య ఉంచుతారు. అంతకంటే ఎక్కువైతే ఈ పిల్లల కంటి రెటీనా పాడయ్యే ప్రమాదం ఉంది. వాడికి 28 శాతం ఆక్సిజన్ సరిపోయింది. 30 దాటి పెరుగుతూ పోతే, పంది లేదా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను సన్నటి గొట్టంతో నేరుగా శ్వాసనాళంలో పోసేవాళ్ళం. అది అద్భుతంగా పనిచేస్తుంది, ధర వేలల్లో ఉంటుంది, పోయగలిగే చేతులు అన్నిచోట్లా ఉండవు. తల్లికి పడిన ఒకటిన్నర ఎం.ఎల్. సూదులు నాలుగు ఈ బిడ్డను ఆ గీతకు ఇవతల ఉంచాయని నేను అనుకుంటున్నాను. ఒక్క బిడ్డ విషయంలో దీన్ని రుజువు చేయలేం, వందల మందిని పోల్చినప్పుడే కనిపించే తేడా ఇది.

మూడో రోజు డైపర్ బరువెక్కింది. ఈ జబ్బు తిరుగుముఖం పట్టే ముందు మూత్రం బాగా వస్తుంది, అప్పటికి బిడ్డ సొంత సర్ఫాక్టెంట్ అందుకుంటుంది. నాలుగో రోజు సీసా తీసేశాం. అత్తను లోపలికి పిలిచి చూపించాం. చాలాసేపు చూసి, బయటికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసింది. తలుపు సందులోంచి వినిపించింది.

"మంచిగున్నడు... ఆఁ, ఎనిమిదో నెల గాదే, ఏడో నెలనే అనుకో. ఏడు నెలల మీద ఆర్రోజులు."

లెక్క చూసుకున్నాను. జనవరి 10 నుంచి ఆగస్టు 16. ఏడు నెలల ఆరు రోజులే.